'2020 నాటికి సున్నా': చెన్నై భూగర్భ జలం లెక్కపై ఒక అభ్యంతరం

నీతి ఆయోగ్ 2018 జూన్‌లో 'కాంపోజిట్ వాటర్ మేనేజ్‌మెంట్ ఇండెక్స్' అనే నివేదిక ప్రచురించింది. ఏ రాష్ట్రం నీటిని ఎంత జాగ్రత్తగా చూసుకుంటోందో 28 సూచికలతో కొలిచి వరుస క్రమంలో పెట్టిన పత్రం అది. ఆ వరుస క్రమం ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. గుర్తున్నది అందులోని ఒక్క వాక్యమే. ఢిల్లీ, బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ సహా 21 నగరాల్లో 2020 కల్లా భూగర్భ జలం సున్నాకు చేరుతుందని, 10 కోట్ల మంది ఇబ్బంది పడతారని ఆ వాక్యం చెప్పింది. చెన్నైలోని తెలుగు కుటుంబాల అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో ఎండాకాలం వస్తే చాలు, ఆ మాట ఏదో ఒక రూపంలో తిరుగుతూనే ఉంటుంది.

ఆ నివేదికలో ఒప్పుకోవలసినవి చాలా ఉన్నాయి. చెన్నైలో ఏటా నేలలోకి ఇంకే నీటికంటే తోడే నీరే ఎక్కువన్నది నిజం. దేశంలో నీటి లెక్కలు సరిగ్గా రాసుకోవడం లేదన్న ఫిర్యాదు కూడా న్యాయమైనదే. ఇక్కడి అభ్యంతరం 'సున్నా' అనే మాట మీద, దానికి కట్టిన తేదీ మీద మాత్రమే. 2020 దాటినా చెన్నై బావుల్లో నీళ్లున్నాయి కాబట్టి జోస్యం తప్పిందని చెప్పడం తేలిక. అయితే ఆ లెక్క ఎక్కడ తప్పిందో చూస్తే అంతకంటే అవసరమైన సంగతి ఒకటి బయటపడుతుంది. సముద్రం పక్కనున్న ఊరికి అసలు ప్రమాదం సున్నాకు చాలా ముందే వస్తుంది, వేరే రూపంలో వస్తుంది.

ముందు ఆ వాక్యం ఎక్కడ పుట్టిందో చూద్దాం. 2019లో విలేకరులు ఆరా తీసినప్పుడు తేలిన ఆధారం కేంద్ర భూగర్భ జల మండలి లెక్కలు. 2013 నాటి సమాచారంతో వేసిన ఆ లెక్కల్లో ఈ నగరాల తోడకం, ఏటా చేరే నీటిని మించిపోయింది. అంతవరకే మండలి చెప్పింది. 'మించిపోయింది' అన్నది 'అయిపోతుంది'గా మారడం, దానికి 2020 అనే తేదీ తగలడం ఆ తర్వాత జరిగాయి.

మండలి లెక్క వేసే పద్ధతి ఇది. వాన వల్ల, చెరువుల వల్ల, కాలువల వల్ల ఏడాదిలో నేలలోకి చేరే నీటిని అంచనా వేస్తారు. అందులోంచి సహజంగా బయటికి పోయే కొంత వాటా తీసేస్తారు. మిగిలినదానిలో నూటికి ఎన్ని పాళ్లు తోడుతున్నారో చూస్తారు. 70 శాతం లోపు ఉంటే సురక్షితం, 70 నుంచి 90 వరకు కొంత ఆందోళనకరం, 90 నుంచి 100 వరకు ప్రమాదకరం, 100 దాటితే అతిగా తోడినట్టు. జీతం, ఖర్చు లాంటి లెక్క ఇది. నెలకు లక్ష సంపాదించి లక్షన్నర ఖర్చు పెట్టే ఇల్లు అప్పు వైపు వెళ్తోందని దీన్ని బట్టి చెప్పవచ్చు. ఎప్పటికి దివాలా తీస్తుందో చెప్పాలంటే బ్యాంకులో ఎంతుందో తెలియాలి. ఏటా పెరిగి తరిగే మట్టానికి దిగువన నిల్వ ఉన్న నీరే ఆ బ్యాంకు. ఆ నిల్వ ఈ శాతంలోకి రాదు, దాన్ని విడిగా లెక్కగడతారు.

దీన్ని ఒక ఊహా నమూనాతో చూడవచ్చు. తిరువాన్మియూర్ లాంటి చోట తీరం వెంట ఇసుక నేల, కింద రాయి ఉంటాయి. ఒక చదరపు కిలోమీటరు ముక్క తీసుకుందాం. చెన్నైలో ఏడాదికి సుమారు 1,400 మిల్లీమీటర్ల వాన పడుతుంది. తూర్పు తీరపు ఒండ్రు నేలల్లో అందులో 16 శాతం ఇంకుతుందని లెక్కకట్టడం మామూలు. అంటే 224 మిల్లీమీటర్లు. చదరపు కిలోమీటరుకు 2 లక్షల 24 వేల ఘనపు మీటర్లు, మన లెక్కలో 22 కోట్ల 40 లక్షల లీటర్లు. అక్కడ తోడకం 150 శాతం అనుకుంటే ఏటా లోటు లక్షా 12 వేల ఘనపు మీటర్లు, అంటే 112 మిల్లీమీటర్ల మందాన నీరు.

ఇసుకలో నీరు ఇసుక రేణువుల సందుల్లోనే ఉంటుంది కాబట్టి బావిలో మట్టం 112 మిల్లీమీటర్లతో ఆగదు. ఇసుక నేల తన పరిమాణంలో 12 నుంచి 20 శాతం దాకా నీటిని వదులుతుంది. 15 శాతం తీసుకుంటే ఆ లోటుకు బావిలో మట్టం ఏడాదికి 75 సెంటీమీటర్లు పడిపోతుంది. సముద్ర మట్టానికి ఒకటిన్నర మీటరు పైన నీరు, దాని కింద రాయి దాకా మరో 12 మీటర్ల తడి ఇసుక ఉందనుకుందాం. మొత్తం పదమూడున్నర మీటర్లు. ఏడాదికి ముప్పావు మీటరు చొప్పున ఖాళీ కావడానికి 18 ఏళ్లు పడుతుంది.

అదే 150 శాతాన్ని బెంగళూరు నేలకు వర్తింపజేస్తే ఫలితం వేరే. అక్కడి రాతినేల వదిలే నీరు నూటికి ఒకటి నుంచి మూడు పాళ్లే. 970 మిల్లీమీటర్ల వానలో పదో వంతు ఇంకిందనుకుని, రెండు శాతం చొప్పున లెక్కగడితే మట్టం ఏడాదికి రెండు మీటర్ల 40 సెంటీమీటర్లు పడిపోతుంది. ఆ రాయి మీద ఉన్న మెత్తటి పొర 15, 20 మీటర్లే కాబట్టి అది ఏడెనిమిదేళ్లలో ఆరిపోతుంది. ఆ తర్వాత నీరు రాతి పగుళ్లలోనే ఉంటుంది. ఏ పగులు ఎక్కడుందో దాన్ని బట్టి ఒక బోరు ఎండుతుంది, పక్క బోరు పోస్తుంది. 2024 మార్చిలో బెంగళూరులోని సుమారు 14 వేల ప్రభుత్వ బోర్లలో 6,900 ఎండిపోయాయని ప్రభుత్వమే చెప్పినప్పుడు, నీతి ఆయోగ్ మాట నాలుగేళ్లు ఆలస్యంగా నిజమైందని కొందరన్నారు. నివేదికను సమర్థించేవాళ్లకు ఉన్న బలమైన వాదన ఇదే, దీన్ని కొట్టిపారేయకూడదు. కానీ సగం బోర్లు ఎండి సగం నడుస్తున్న నేల సున్నా నేల కాదు. అది ఖర్చు పెరిగిన నేల, లోతు పెరిగిన నేల. బోరు లేనివాడికీ ఉన్నవాడికీ మధ్య తేడా బాగా పెరిగిన నేల.

ఒకే శాతానికి రెండు ఊళ్లలో రెండు రకాల గడువులు వచ్చాయంటే, ఆ శాతం ఒక్కదానితో 21 నగరాలకు కలిపి ఒకే తేదీ రాయడం కుదరదన్నమాట.

2019 చెన్నైని కూడా ఆ వాక్యానికి సాక్ష్యంగా చూపుతుంటారు. ఆ జూన్‌లో పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం జలాశయాలు నాలుగూ కలిపి 11 టీఎంసీల పైచిలుకు పట్టేచోట ఒక్క శాతం నీరు కూడా లేదు. రోజుకు 830 మిలియన్ లీటర్ల సరఫరా 525కి పడిపోయింది. జూలైలో జోలార్‌పేట నుంచి 50 వ్యాగన్ల రైలు 25 లక్షల లీటర్లు మోసుకొచ్చింది. ఇవన్నీ నిజాలే. అయితే ఎండింది పైనున్న జలాశయాలు, అదీ అంతకుముందు ఈశాన్య రుతుపవనాలు మొహం చాటేయడం వల్ల. నెల్లూరు జిల్లా కండలేరు నుంచి పూండికి రావలసిన కృష్ణా నీళ్లు కూడా జలాశయాల ఖాతాలోవే. ఆ నెలల్లో ఊరికి దాహం తీర్చినవాటిలో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే మింజూరు, నెమ్మేలి కేంద్రాలున్నాయి. వాటితోపాటు శివార్లలో, తిరువళ్లూరు, కాంచీపురం వైపు బావుల్లో నింపుకొచ్చిన లారీలున్నాయి. లారీలో వచ్చింది భూగర్భ జలమే. భూగర్భ జలం సున్నా అయి ఉంటే ఆ లారీలు ఖాళీగానే తిరగాలి. వాటి వల్ల ఆ పల్లెల బావులకు జరిగిన నష్టం విడిగా మాట్లాడుకోవలసినంత పెద్దది. ఆ నష్టం కూడా 'చెన్నైలో సున్నా' అన్న వాక్యంలో కనపడదు.

ఇప్పుడు మళ్లీ ఆ 18 ఏళ్ల లెక్క దగ్గరికి వద్దాం. దాన్ని చూసి ఊపిరి పీల్చుకుంటే పొరపాటు.

సూళ్లూరుపేట, తడ వైపు తీరగ్రామాలవాళ్లకు చెలమ సంగతి తెలుసు. సముద్రానికి కూతవేటు దూరంలో ఇసుకలో మోకాలి లోతు గుంట తీస్తే తియ్యటి నీళ్లు ఊరుతాయి. ఆశపడి ఇంకా లోతుకు తవ్వితే ఉప్పు తగులుతుంది. వాననీరు ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి దాని మీద తేలుతుంది. సముద్రపు నీరు మంచినీటి కంటే నూటికి రెండున్నర పాళ్లే బరువు. ఈ చిన్న తేడా వల్ల ఒక పెద్ద నిష్పత్తి పుడుతుంది: సముద్ర మట్టానికి పైన మంచినీరు ఎంత ఎత్తుంటే, కింద దానికి 40 రెట్ల లోతు వరకు మంచినీరు నిలుస్తుంది. పైన ఒక మీటరు తగ్గితే కింద ఉప్పు 40 మీటర్లు పైకి రాగలదు. జల శాస్త్రవేత్తలు దీన్ని గైబెన్-హెర్జ్‌బర్గ్ సూత్రం అంటారు.

మన నమూనాలో సముద్ర మట్టం కింద 12 మీటర్ల ఇసుక ఉంది. దాన్నంతా ఉప్పు చొరబడకుండా కాయాలంటే, 12ను 40తో భాగిస్తే, పైన 30 సెంటీమీటర్ల మంచినీరు నిలబడి ఉండాలి. ప్రస్తుతం ఒకటిన్నర మీటరు ఉంది కాబట్టి మనం పోగొట్టుకోగలిగింది ఒక మీటరు 20 సెంటీమీటర్లే. ఏడాదికి 75 సెంటీమీటర్ల చొప్పున ఆ గీత దాటడానికి 19, 20 నెలలు చాలు. బావి ఖాళీ కావడానికి 18 ఏళ్లు పట్టే చోట, ఉప్పు రావడానికి దారి తెరుచుకునేది రెండేళ్ల లోపే.

దారి తెరుచుకోగానే మర్నాడే బావి ఉప్పవుతుందని కాదు. నేలలో నీరు నిదానంగా నడుస్తుంది. తీరానికి దగ్గరి బావులకు ముందు తెలుస్తుంది, లోపలివాటికి ఏళ్లు పట్టవచ్చు. పైగా ఆ సూత్రం నీరు కదలకుండా ఉన్నప్పటి లెక్క. సముద్రం వైపు మంచినీరు పారుతూ ఉంటే ఉప్పు అంచు కాస్త వెనక్కే ఉంటుంది. కానీ ఒకసారి వచ్చిన ఉప్పు వచ్చినంత తేలిగ్గా పోదు. చెన్నైకి ఉత్తరాన మింజూరు బావుల క్షేత్రమే దీనికి ఉదాహరణ. నగరానికీ పరిశ్రమలకీ దశాబ్దాల పాటు తోడిన ఫలితంగా అక్కడ ఉప్పు తీరం నుంచి పది కిలోమీటర్లకు మించి లోపలికి వచ్చింది. ఆ బావుల్లో నీరు లేక కాదు, ఆ నీరు పనికిరాక వదిలేయవలసి వచ్చింది.

ఎంత ఉప్పు కలిస్తే పనికిరాదో కూడా చూడాలి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 19,000 మిల్లీగ్రాముల క్లోరైడ్ ఉంటుంది. తాగునీటికి మన దేశ ప్రమాణం 250, వేరే దారి లేనప్పుడు 1,000 వరకు. బావినీటిలో నూటికి రెండు పాళ్లు సముద్రం కలిస్తే అదనంగా 380 చేరి మొదటి హద్దు దాటుతుంది. ఐదు పాళ్లు కలిస్తే 950 చేరుతుంది. బావిలో ముందే ఉన్న వందో, నూటయాభయ్యో దానికి తోడై రెండో హద్దూ దాటుతుంది. బావి నిండా నీళ్లుంటాయి, మోటారు ధార తగ్గదు, అయినా కుళాయిలకు తెల్లటి పొర కడుతుంది, బకెట్ అంచున చారలు పడతాయి, సబ్బు నురగ రాదు. సున్నా కోసం కళ్లు కాయలు కాచేలా చూసేవాళ్లకు ఈ బావి క్షేమంగా ఉన్నట్టే కనిపిస్తుంది.

సంఖ్య తప్పయితే ఏమైంది, జనం మేలుకున్నారు కదా అనే సమాధానం తరచు వినిపిస్తుంది. తప్పు సంఖ్య తప్పు మందు రాయిస్తుందన్నదే ఇక్కడి పట్టింపు. నీరు 'అయిపోతోంది' అని నమ్మిన సంఘం చేసే మొదటి పని ఇంకా లోతుకు బోరు దించడం. పాత బావిని పూడ్చి దాని మీద కారు పార్కింగ్ వేస్తారు. బెంగళూరులో లోతుకు దించితే డబ్బు వృథా కావచ్చు. తీరపు ఇసుకలో లోతుకు దించడమంటే ఉప్పుకు ఎదురెళ్లి పిలుచుకురావడమే. లోతైన బోరుకు పెద్ద మోటారు బిగించి రెండు గంటలు ఏకబిగిన తోడితే, సరిగ్గా ఆ బోరు కిందనే ఉప్పునీరు శంకువులా పైకి లేస్తుంది. తక్కువ లోతున్న వెడల్పాటి బావిలోంచి చిన్న మోటారుతో, రోజంతా విడతలుగా తోడితే అదే నీరు ఉప్పు లేకుండా వస్తుంది. రెండు పద్ధతుల్లోనూ తోడిన లీటర్లు ఒకటే, కాబట్టి శాతం లెక్కలో ఈ తేడా కనిపించే వీల్లేదు.

అందుకే చెన్నై తీరానికి పెట్టుకోవలసిన కొలతలు రెండు: సముద్ర మట్టంతో పోల్చిన నీటి మట్టం, నీటిలో ఉప్పు. మొదటిదాన్ని కొలవడంలో ఒక పొరపాటు తరచు జరుగుతుంది. 'నీరు 12 అడుగుల కింద ఉంది' అని రాసుకుంటారు, కానీ అది ఆ ఇంటి నేల నుంచి కొలిచిన లోతు. నేల సముద్ర మట్టానికి 5 మీటర్ల ఎత్తున ఉన్న ఇంట్లో మూడున్నర మీటర్ల లోతున నీరుంటే ఒకటిన్నర మీటరు రక్షణ ఉన్నట్టు. వీధి చివర నేల ఎత్తు 4 మీటర్లే అయితే అదే లోతుకు మిగిలిన రక్షణ అర మీటరే. కాబట్టి ఒకసారి సర్వేయరుతో బావి గట్టు ఎత్తును సముద్ర మట్టంతో పోల్చి తెలుసుకుని, ఆ అంకెను గట్టు మీద పెయింటుతో రాయించుకోవాలి. ఆ తర్వాత నెలకోసారి, రాత్రంతా మోటారు ఆపి, తెల్లవారుజామున మొదటి స్విచ్ వేయకముందే టేపు దించి చూస్తే చాలు. మోటారు నడిచిన వెంటనే కొలిస్తే మట్టం ఉన్నదానికంటే తక్కువ చూపుతుంది.

ఉప్పు కొలతకు చేతిలో పట్టే టీడీఎస్ మీటరు సరిపోతుంది. మోటారు వేసిన ఐదు నిమిషాలకు ఒకసారి, రెండు గంటలు నడిచాక ఒకసారి చూడాలి. రెండో అంకె ఏటేటా మొదటిదానికి దూరమవుతుంటే కింద నుంచి ఉప్పు లేస్తోందని అనుమానించాలి. రెండూ ఒకేలా నెమ్మదిగా పెరుగుతుంటే పక్క నుంచి వస్తోందని గానీ, మురుగునీరు కలుస్తోందని గానీ అనుకోవాలి. ఈ రెంటిలో ఏదో తేల్చడానికి ఏడాదికోసారి ప్రయోగశాలలో క్లోరైడ్, నైట్రేట్ రెండూ చూపించుకోవాలి. నైట్రేట్ కూడా పెరిగితే మురుగు మీద, క్లోరైడ్ ఒక్కటే పెరిగితే సముద్రం మీద అనుమానం బలపడుతుంది. మీటర్లు ఒకదానితో ఒకటి సరిగ్గా కలవవు కాబట్టి ప్రతిసారీ ఒకే మీటరు వాడాలి.

ఇంకుడు బావుల విలువ కూడా ఈ కొలతల్లోనే సరిగ్గా తెలుస్తుంది. తమిళనాడు 2003లో ప్రతి భవనానికీ వాననీటి సేకరణ తప్పనిసరి చేసింది. 200 చదరపు మీటర్ల డాబా మీద ఏడాదిలో పడే 1,400 మిల్లీమీటర్లలో ఎనభై శాతం పట్టినా 224 ఘనపు మీటర్లు, అంటే 2 లక్షల 24 వేల లీటర్లు. మన నమూనా చదరపు కిలోమీటరులో లోటు లక్షా 12 వేల ఘనపు మీటర్లు కదా, అలాంటి 500 డాబాల నీరు దాన్ని పూడ్చగలదు. ఆ నీరు ఇప్పుడు డ్రెయినేజీలోకి పోతోంటేనే ఈ లెక్క చెల్లుతుంది. ఇప్పటికే నేలలోకి ఇంకుతుంటే రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది. చట్టం కోసం కట్టిన గుంటలు చాలాచోట్ల పని చేయకపోవడానికి కారణాలు చిన్నవే. గులకరాళ్ల సందుల్లో డాబా మీది మట్టి పేరుకుపోతుంది, పైపు తర్వాతి మరమ్మతుల్లో వీధి కాలువకు మళ్లుతుంది. సెప్టెంబరులో ఒక బకెట్ నీళ్లు గుంటలో పోసి చూడాలి. నీళ్లు అక్కడే నిలిస్తే రాళ్లు తీసి కడిగి మళ్లీ పేర్చాలి, ఈశాన్య వానలు అక్టోబరులో మొదలవుతాయి కాబట్టి.

ఈ అభ్యంతరానికీ హద్దులున్నాయి. పైన వేసిన అంకెలు ఒక నమూనావి. మీ వీధిలో ఇసుక 8 మీటర్లే ఉండవచ్చు, మధ్యలో బంకమట్టి పొర ఉప్పును కొంతకాలం ఆపవచ్చు. తీరం నుంచి లోపలికి, అంబత్తూరు వైపు వెళ్తే బంకమట్టి, అది గట్టిపడి ఏర్పడిన షేల్ రాయి ఎక్కువ. అక్కడ నేల ఇచ్చేదే తక్కువ, సముద్రం దూరం, కష్టం బెంగళూరు కష్టానికి దగ్గరగా ఉంటుంది. ఆ వీధుల్లో మట్టం పడిపోవడమే మొదటి ప్రమాదం, నీతి ఆయోగ్ భయం అక్కడ ఎక్కువ వర్తిస్తుంది. ఒకే నగరంలో, ఒకే జిల్లా శాతం కింద, తిరువాన్మియూరు బావికి ఉప్పు మీటరూ అంబత్తూరు బోరుకు టేపూ ముందు అవసరమవుతాయి.